రాయిని బట్టే పథ్యం

కిడ్నీలో రాయి పుట్టేది మూత్రంలోంచే. తిన్న తిండి నుంచీ, శరీరంలో నిత్యం జరిగే మార్పుల నుంచీ వచ్చే కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ యాసిడ్ లాంటివి మూత్రంలో కరిగి బయటికి పోతుంటాయి. నీరు తగ్గినా, ఈ పదార్థాలు పెరిగినా మూత్రం వాటిని ఇక కరిగించుకోలేదు. అప్పుడవి సన్నని స్ఫటికాలుగా విడిపోతాయి. ఆ స్ఫటికాలు కిడ్నీ లోపలి గోడకు అంటుకుని, ఒకదానిపై ఒకటి పేరుకుంటే రాయి అవుతుంది. మూత్రంలోనే ఉండే సిట్రేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచి ఈ పేరుకోవడాన్ని అడ్డుకుంటుంది. అది తక్కువగా ఉన్నవారిలో రాయి సులువుగా పెరుగుతుంది.

కాబట్టి రాయి వచ్చిన మనిషి ఆహారాన్ని అంచనా వేయడమంటే రెండు ప్రశ్నలకు జవాబు వెతకడం. అతని మూత్రంలో ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది? అందులో తిండి వాటా ఎంత? ఈ రెండూ తెలియకుండానే చాలామంది చేతికి ఒకే జాబితా అందుతుంది: టమాటా వద్దు, వంకాయ వద్దు, పాలు వద్దు, పెరుగు వద్దు, ఆకుకూరలు వద్దు. ఈ జాబితాలో కొన్ని అనవసరం. కొన్ని కొందరికే వర్తిస్తాయి. పాలు, పెరుగు మానేయడమైతే ఎక్కువమందికి ఎదురు నష్టమే చేస్తుంది.

ముందు రాయి ఏదో తేలాలి

కిడ్నీ రాళ్లన్నీ ఒకటి కావు. నూటికి 70 నుంచి 80 దాకా కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. మిగిలినవాటిలో కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు, యూరిక్ యాసిడ్ రాళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడే స్ట్రూవైట్ రాళ్లు ఉంటాయి. నూటికి ఒకరిలో కనిపించేది వంశపారంపర్యంగా వచ్చే సిస్టీన్ రాయి. ఒక రకానికి మేలుచేసే పథ్యం మరో రకానికి పనికిరాకపోవచ్చు, చెరుపు కూడా చేయవచ్చు.

రాయి రకాన్ని కచ్చితంగా చెప్పేది రాయే. పడిపోయిన రాయినో, ఆపరేషన్‌లో తీసిన ముక్కనో ల్యాబ్‌కు పంపితే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పరీక్షించి అందులో ఏముందో, ఎంత శాతం ఉందో చెబుతారు. నొప్పి ఉన్న రోజుల్లో మూత్రాన్ని సన్నని జాలీలోనో, పలుచని గుడ్డలోనో వడకడితే రాయి దొరుకుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, చిన్న సీసాలో దాస్తే చాలు. చాలామంది పడిపోయిన రాయిని పారేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊహ మీద పథ్యం చేస్తారు.

రాయి దొరకనప్పుడు వేరే ఆనవాళ్లు కొంత దారి చూపుతాయి. యూరిక్ యాసిడ్ రాయి మామూలు ఎక్స్‌రేలో కనిపించదు, సీటీ స్కాన్‌లో కనిపిస్తుంది. మూత్రం పీహెచ్ ఎప్పుడూ 5.5 కంటే తక్కువగా ఉంటే ఆ రాయినే అనుమానిస్తారు. పీహెచ్ బాగా ఎక్కువగా ఉంటే ఫాస్ఫేట్ రాయో, ఇన్ఫెక్షన్ రాయో కావచ్చు. చిన్న వయసులోనే రాళ్లు మొదలై, ఇంట్లో మరికొందరికీ ఉంటే సిస్టీన్ కోసం వెతకాలి.

ఒక రోజు మూత్రం, మూడు రోజుల తిండి

ఆహార అంచనాకు ఆధారం రెండు కొలతలు. మొదటిది 24 గంటల మూత్ర పరీక్ష. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని వదిలేసి, సమయం రాసుకోవాలి. అప్పటి నుంచి మర్నాడు ఉదయం మొదటి మూత్రం దాకా ప్రతి చుక్కనూ ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టాలి. ఆ రోజు తిండీ నీళ్లూ ఎప్పటిలాగే ఉండాలి. పరీక్ష ఉంది కదా అని ఆ ఒక్క రోజు మూడు లీటర్ల నీళ్లు తాగితే, ఆ నివేదిక ఆ రోజు గురించే చెబుతుంది తప్ప ఆ మనిషి గురించి చెప్పదు. నొప్పితో ఆసుపత్రిలో ఉన్నప్పుడు తిండీ నీళ్లూ మారిపోతాయి కనుక, కోలుకుని మామూలు జీవితంలో పడ్డాక కొన్ని వారాలు ఆగి ఈ పరీక్ష చేస్తారు. వీలైతే రెండు వేర్వేరు రోజుల మూత్రం చూడటం మేలు.

మూత్రం పూర్తిగా పట్టారో లేదో క్రియాటినిన్ చెబుతుంది. కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే పదార్థం ఇది. మగవారిలో కిలో బరువుకు సుమారు 20 నుంచి 25 మిల్లీగ్రాములు, ఆడవారిలో 15 నుంచి 20 మిల్లీగ్రాములు ఉండాలి. 70 కిలోల మగవాడి డబ్బాలో 800 మిల్లీగ్రాములే కనిపిస్తే సగం మూత్రం బయటే పోయిందన్నమాట. అలాంటి నివేదికలో కాల్షియం తక్కువగా ఉందని సంతోషించడానికి లేదు.

రెండో కొలత ఆహార దినచర్య. ఒక సెలవు రోజు కలిసేలా మూడు రోజులపాటు తిన్నది తిన్నట్టు, తాగింది తాగినట్టు రాయాలి. ‘అన్నం, పప్పు, కూర’ అని రాస్తే లాభం లేదు. గ్లాసు ఎంత పడుతుంది, పెరుగు ఎన్ని గరిటెలు, పప్పులో ఏ ఆకు వేశారు, ఊరగాయ ఎంత, అప్పడాలు ఎన్ని, బయట తిన్నదేమిటి అన్నవి కావాలి. మింగే మాత్రలు కూడా రాయాలి. కాల్షియం మాత్రలు, విటమిన్ సి మాత్రలు, ప్రొటీన్ పౌడర్లు చాలామంది తిండి లెక్కలో చెప్పరు. వాటి ప్రభావం మాత్రం మూత్రంలో కనిపిస్తుంది.

ఈ రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ‘ఉప్పు తక్కువే తింటాను’ అని చెప్పిన మనిషి మూత్రంలో సోడియం ఎక్కువగా ఉంటే మూత్రం మాటే నమ్మాలి. తిన్న సోడియంలో దాదాపు అంతా మూత్రంలోకే వస్తుంది.

నీళ్లు: తాగినవి కాదు, బయటికి వచ్చినవి లెక్క

అన్ని రకాల రాళ్లకూ వర్తించే సలహా ఒక్కటే: మూత్రం రోజుకు కనీసం 2.5 లీటర్లు రావాలి. ఇక్కడ లెక్క తాగిన నీటికి కాదు. ఏసీ గదిలో కూర్చున్న మనిషికి మూడు లీటర్లు తాగితే 2.5 లీటర్ల మూత్రం రావచ్చు. రెంటచింతల ఎండలోనో, రామగుండం బొగ్గు గని దగ్గరో పనిచేసే మనిషి అదే మూడు లీటర్లు తాగితే చాలా భాగం చెమటగా పోయి మూత్రం లీటరు దాటకపోవచ్చు. ఎడారి దేశాల్లో భవన నిర్మాణ పనులకు వెళ్లినవారి పరిస్థితీ ఇదే. అందుకే ‘రోజుకు ఇన్ని గ్లాసులు’ అనే సలహా అందరికీ ఒకేలా పనికిరాదు.

నీటి ప్రభావాన్ని ఇటలీలో లోరిస్ బోర్గి బృందం కొలిచింది. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మూత్రం రెండు లీటర్లు దాటేలా నీళ్లు తాగమని చెప్పి, మరో జట్టును మామూలుగా వదిలేశారు. ఐదేళ్లలో నీళ్లు తాగిన జట్టులో నూటికి 12 మందికి, రెండో జట్టులో 27 మందికి మళ్లీ రాయి వచ్చింది. ఈ ఫలితాలు 1996లో వెలువడ్డాయి.

నీళ్లను రోజంతా పంచుకోవడం ముఖ్యం. పొద్దున్నే లీటరు నీళ్లు తాగి మధ్యాహ్నం దాకా మానేస్తే, మొదటి రెండు గంటలు మూత్రం పలచగా ఉండి తర్వాత చిక్కబడుతుంది. స్ఫటికాలు ఏర్పడేది ఆ చిక్కబడిన గంటల్లోనే. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి మూత్రానికి లేస్తే మరో గ్లాసు తాగడం అందుకే చెబుతారు. ఇంట్లో చూసుకోవడానికి తేలిక గుర్తు రంగు. పలచని లేత పసుపు మంచిది, ముదురు పసుపు నీళ్లు చాలలేదని చెబుతుంది. బి విటమిన్ మాత్రలు మింగినప్పుడు మాత్రం రంగును నమ్మడానికి లేదు.

నీళ్లకు బదులు ఏం తాగవచ్చు? నిమ్మరసంలో సిట్రేట్ ఉంటుంది కనుక ఉప్పు, చక్కెర లేని నిమ్మనీళ్లు మేలు. కొబ్బరినీళ్లు, ఉప్పు వేయని పలచని మజ్జిగ కూడా లెక్కలోకి వస్తాయి. పాలు కలిపిన టీ, కాఫీ మితంగా తాగినవారిలో రాళ్లు పెరిగినట్టు పెద్ద పరిశీలనల్లో కనిపించలేదు, కొంత తక్కువగానే కనిపించాయి. చక్కెర నిండిన కూల్‌డ్రింకులు, ముఖ్యంగా కోలాలు తగ్గించాలి. బీరు తాగితే రాయి కొట్టుకుపోతుందన్న మాటకు ఆధారం లేదు. అది మూత్రాన్ని కాసేపు పెంచినా యూరిక్ యాసిడ్‌ను కూడా పెంచుతుంది.

ఉలవచారు, అరటి దవ్వ రసం, కొండపిండి ఆకు కషాయం తెలుగు ఇళ్లలో రాయికి వాడే మందులు. నీటి మీదా, కింద చెప్పే ఉప్పు, మాంసాహారాల మీదా జరిగినంత గట్టి పరీక్షలు వీటికి లేవు. వీటితో వెళ్లే నీరు మేలు చేయవచ్చు. ఉలవచారులో పడే ఉప్పు ఆ మేలును కొంత తినేస్తుంది.

కాల్షియం, ఆక్సలేట్: విడదీసి చూడకూడని జంట

రాయిలో కాల్షియం ఉంది కనుక తిండిలో కాల్షియం మానేయాలన్నది వినగానే సబబుగా తోచే మాట. 1993లో అమెరికాలో గ్యారీ కర్హాన్ బృందం 45 వేలకు పైగా మగవారిని పరిశీలించి దీనికి విరుద్ధమైన సంగతి తేల్చింది. ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారికే రాళ్లు తక్కువగా వచ్చాయి. 2002లో బోర్గి బృందం పదేపదే కాల్షియం ఆక్సలేట్ రాళ్లు వచ్చే, మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయే 120 మంది మగవారితో మరో పరీక్ష చేసింది. సగం మందికి కాల్షియం రోజుకు 400 మిల్లీగ్రాములకు తగ్గించారు. మిగతా సగానికి కాల్షియం 1,200 మిల్లీగ్రాములు ఉంచి, ఉప్పునూ మాంసాహారాన్నీ తగ్గించారు. ఐదేళ్లలో మొదటి జట్టులో నూటికి 38 మందికి, రెండో జట్టులో 20 మందికి మళ్లీ రాయి వచ్చింది.

దీనికి కారణం పేగుల్లో ఉంది. భోజనంలోని కాల్షియం అదే భోజనంలోని ఆక్సలేట్‌తో పేగుల్లోనే కలిసిపోతే రెండూ మలంలో బయటికి పోతాయి. పెరుగు లేని భోజనంలో ఆక్సలేట్‌ను పట్టుకునేది ఏదీ ఉండదు. అది రక్తంలోకి చేరి, కిడ్నీ గుండా మూత్రంలోకి వచ్చి, అక్కడ కాల్షియాన్ని కలుస్తుంది. మూత్రంలో కాల్షియం కంటే ఆక్సలేట్ చాలా తక్కువ మోతాదులో ఉంటుంది కాబట్టి అది కొద్దిగా పెరిగినా ప్రమాదం బాగా పెరుగుతుంది. పైగా పాలు, పెరుగు మానేసినవారి ఎముకలు బలహీనపడతాయి.

పెద్దలకు రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 120 మిల్లీగ్రాములు, పెరుగు 100 గ్రాముల్లో సుమారు 150 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎంత తిన్నారన్న దానితోపాటు ఎప్పుడు తిన్నారన్నదీ ముఖ్యమే. భోజనం చివర పెరుగన్నం తినే అలవాటు ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. కాల్షియం మాత్రలు భోజనంతో వేసుకుంటే ఇదే పని చేస్తాయి. పరగడుపున వేసుకుంటే పట్టుకోవడానికి ఆక్సలేట్ ఉండదు కనుక కాల్షియం నేరుగా మూత్రంలోకి చేరుతుంది.

ఆక్సలేట్ విషయంలో పొడవైన నిషేధ జాబితా అక్కర్లేదు, అసలు దోషులు కొన్నే. అన్నిటికంటే ముందు పాలకూర. 100 గ్రాముల్లో కొన్ని వందల మిల్లీగ్రాముల ఆక్సలేట్ ఉంటుంది. తోటకూర, బచ్చలికూర, చుక్కకూర, చామాకు కూడా ఆ వరసలోవే. బీట్‌రూట్, చిలగడదుంప, బాదం, జీడిపప్పు, నువ్వులు, చాక్లెట్ తర్వాత వస్తాయి. మెంతికూర, క్యాబేజీ, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయల్లో ఆక్సలేట్ తక్కువ. టమాటా పేరు ప్రతి జాబితాలో ఉన్నా, వంద గ్రాముల్లో ఉండే ఆక్సలేట్ పాలకూరతో పోలిస్తే లెక్కలోకి రాదు. టమాటా, వంకాయ గింజలు కిడ్నీలో చేరి రాయి అవుతాయన్నది అపోహ. గింజ పేగుల దారిన పోతుంది, కిడ్నీలోకి వెళ్లే మార్గమే లేదు.

వండే తీరు కూడా ఆక్సలేట్‌ను మారుస్తుంది. ఆకును ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే, నీటిలో కరిగే ఆక్సలేట్ గణనీయంగా పోతుంది. పప్పులో వేసి వండితే అది చాలావరకు పప్పులోనే ఉండిపోతుంది. ఈ మధ్య వచ్చిన అలవాటు, పచ్చి పాలకూరను మిక్సీలో వేసి పరగడుపున తాగడం, అన్నిటికంటే హానికరమైనది. ఆకు ఎక్కువ, ఉడికించడం లేదు, పక్కన పాలూ పెరుగూ లేవు. విటమిన్ సి శరీరంలో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. పండ్లలో ఉండే మోతాదుతో ఇబ్బంది లేదు, రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల మాత్రలు మింగేవారు మానుకోవాలి.

ఉప్పు: కాల్షియాన్ని వెంట తీసుకుపోయేది

మూత్రంలో కాల్షియం ఎక్కువైనవారు తగ్గించాల్సింది చాలాసార్లు ఉప్పును. కిడ్నీ సోడియాన్ని, కాల్షియాన్ని ఒకే దారిలో వెనక్కి తీసుకుంటుంది. సోడియం ఎక్కువై బయటికి పోతుంటే కాల్షియం కూడా దానితో పోతుంది. మూత్రంలో సోడియం 100 మిల్లీమోల్స్ పెరిగితే కాల్షియం సుమారు 40 మిల్లీగ్రాములు పెరుగుతుందని లెక్క. సిట్రేట్ కూడా తగ్గుతుంది.

రోజుకు 2,300 మిల్లీగ్రాముల సోడియం మించకూడదంటారు. అంటే 6 గ్రాములకు కొంచెం తక్కువ ఉప్పు, సుమారు ఒక చిన్న చెంచా. రోజంతటికీ, అన్ని కూరలకూ, పచ్చళ్లకూ కలిపి అంతే. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, కారప్పొడి, ఎండు చేపలు, మిక్చర్, ప్యాకెట్ నూడుల్స్, హోటల్ సాంబారు ఈ చెంచాను పొద్దుటి టిఫిన్‌తోనే దాటించగలవు. సైంధవ లవణం, సముద్రపు ఉప్పు కూడా సోడియమే. తిండి చప్పగా అనిపించకుండా చింతపండు, నిమ్మ, పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర వాడవచ్చు. ఉప్పును క్రమంగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

మాంసాహారం: ఒకేసారి మూడు దెబ్బలు

మాంసం, చికెన్, చేప, గుడ్డులోని ప్రొటీన్‌లో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ. అవి అరిగాక శరీరంలో ఆమ్లం మిగులుతుంది. ఆ ఆమ్లాన్ని సర్దుబాటు చేసే క్రమంలో మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా వస్తుంది, సిట్రేట్ తగ్గుతుంది, మూత్రం పీహెచ్ పడిపోతుంది. మాంసం, చేపలలోని ప్యూరిన్ల వల్ల యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది. కాలేయం, కిడ్నీ లాంటి లోపలి భాగాల్లో, నెత్తళ్ల వంటి చిన్న చేపల్లో ఈ ప్యూరిన్లు మరీ ఎక్కువ. గుడ్డులో ప్యూరిన్లు తక్కువే కానీ ఆమ్లం మిగిల్చే గుణం ఉంది.

మాంసాహారం పూర్తిగా మానాల్సిన పని లేదు. రోజు మొత్తం ప్రొటీన్ కిలో శరీర బరువుకు 0.8 నుంచి 1 గ్రాము మధ్య ఉండేలా చూస్తారు. కందిపప్పు, పెసరపప్పు లాంటివాటి ప్రొటీన్‌తో ఈ ఆమ్లభారం తక్కువ. పాలు, పెరుగు ప్రొటీన్‌ను కూడా మాంసంతో సమానంగా చూడరు. కూరగాయలు, పండ్లు క్షారాన్ని ఇస్తాయి కనుక అవి పెరిగితే సిట్రేట్ పెరుగుతుంది. తిన్న ప్రొటీన్ ఎంతో మూత్రంలోని యూరియా నైట్రోజన్ నుంచి లెక్కగట్టవచ్చు. రోజుకు బయటికి వచ్చిన నైట్రోజన్ గ్రాములకు, బరువు కిలోలను 0.031తో గుణించి వచ్చిన అంకెను కలిపి, మొత్తాన్ని 6.25తో హెచ్చిస్తే ప్రొటీన్ గ్రాములు వస్తాయి.

ఒక నివేదికను చదవడం

ఈ లెక్కలన్నీ ఎలా కలుస్తాయో చూడటానికి ఒక నమూనా తీసుకోవచ్చు. విజయవాడలో వెల్డింగ్ షాపు నడిపే 38 ఏళ్ల, 70 కిలోల మనిషి అనుకుందాం. రెండోసారి రాయి పడింది, పరీక్షలో కాల్షియం ఆక్సలేట్ అని తేలింది. మొదటి రాయి తర్వాత పాలు, పెరుగు, టమాటా మానేశాడు. పొద్దున్న ఇడ్లీ, కారప్పొడి, రెండు గుడ్లు, కాఫీ. మధ్యాహ్నం అన్నం, వారానికి నాలుగు రోజులు పాలకూర పప్పు, ఆవకాయ, అప్పడాలు. రాత్రి పావుకిలో దాకా చికెన్. పనివేళల్లో నీళ్లు మూడు నాలుగు గ్లాసులు. దినచర్య ప్రకారం కాల్షియం రోజుకు 350 మిల్లీగ్రాములే.

24 గంటల మూత్రం 1.2 లీటర్లు. క్రియాటినిన్ 1,500 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 21, కాబట్టి మూత్రం పూర్తిగానే పట్టారు. కాల్షియం 290 మిల్లీగ్రాములు, మగవారికి 250 దాటకూడదు. ఆక్సలేట్ 46, ఇది 40 లోపు ఉండాలి. సోడియం 230 మిల్లీమోల్స్, అంటే రోజుకు 13 గ్రాములకు పైగా ఉప్పు. సిట్రేట్ 260 మిల్లీగ్రాములు, 320 దాటి ఉండాల్సింది. యూరియా నైట్రోజన్ 13 గ్రాములు. పై సూత్రం ప్రకారం ప్రొటీన్ సుమారు 95 గ్రాములు, కిలోకు 1.35.

కాల్షియం మానేసిన మనిషి మూత్రంలో కాల్షియం ఎక్కువగా ఉండటం ఇక్కడ చూడాల్సిన విషయం. అది పాల నుంచి వచ్చింది కాదు. ఉప్పు, చికెన్ దాన్ని బయటికి లాగుతున్నాయి. ఎముకల్లోంచి కూడా కొంత వస్తుండవచ్చు. ఆక్సలేట్ పెరగడానికి పాలకూర ఒక కారణమైతే, దాన్ని పేగుల్లో పట్టే పెరుగు లేకపోవడం రెండో కారణం.

కాబట్టి సలహా ఇలా ఉంటుంది. మూత్రం 1.3 లీటర్లు పెరగాలి కనుక నీళ్లు కనీసం లీటరున్నర పెంచాలి, షాపులో చెమట పట్టే వేసవిలో ఇంకా ఎక్కువ. లీటరు సీసా బల్ల మీద పెట్టుకుని మధ్యాహ్నంలోపు ఒకటి, సాయంత్రంలోపు మరొకటి ఖాళీ చేయడం తేలిక. మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో 150 గ్రాముల చొప్పున ఉప్పులేని పెరుగు, పొద్దున్న టిఫిన్‌తో 200 మిల్లీలీటర్ల పాలు చేరిస్తే కాల్షియం వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. కారప్పొడి, అప్పడాలు మానాలి, ఆవకాయ వారానికి ఒకసారి చాలు. పాలకూర బదులు మెంతికూర, బీరకాయ, సొరకాయ పప్పు వండుకోవచ్చు. చికెన్ వారానికి మూడు రోజులు, 100 గ్రాముల చొప్పున. టమాటా హాయిగా తినవచ్చు.

ఇవి పాటిస్తే కొన్ని నెలల తర్వాత ఇలాంటి నివేదిక రావడం సాధ్యమే: మూత్రం 2.4 లీటర్లు, సోడియం 120, కాల్షియం 235, ఆక్సలేట్ 33, సిట్రేట్ 380. మొత్తం కాల్షియం తగ్గింది 55 మిల్లీగ్రాములే. కానీ లీటరుకు ఉన్న కాల్షియం 242 నుంచి 98కి, ఆక్సలేట్ 38 నుంచి 14కి దిగింది. స్ఫటికాలు ఏర్పడతాయా లేదా అన్నది ఈ లీటరు లెక్క మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

మిగిలిన రాళ్లకు మారే సలహా

యూరిక్ యాసిడ్ రాయికి మూలం సాధారణంగా మూత్రంలోని ఆమ్లగుణం. పీహెచ్ 5.5 కంటే కింద ఉంటే యూరిక్ యాసిడ్ మోతాదు మామూలుగా ఉన్నా కరగదు. అధిక బరువు, మధుమేహం, గౌట్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఇక్కడ ఆక్సలేట్ జాబితాతో పని లేదు. మాంసాహారం, బీరు తగ్గించి, కూరగాయలు, పండ్లు పెంచాలి. తిండితోనే పీహెచ్ చాలినంత పెరగడం కష్టం కనుక చాలామందికి పొటాషియం సిట్రేట్ మందు ఇచ్చి పీహెచ్‌ను 6 నుంచి 6.5 మధ్య ఉంచుతారు. మందుతో కరిగే అవకాశం బాగా ఉన్న రాయి ఇది. కాల్షియం రాళ్లు పథ్యంతో కరగవు. పథ్యం వల్ల కొత్తవి రాకుండా, ఉన్నవి పెరగకుండా ఉంటాయి.

కాల్షియం ఫాస్ఫేట్ రాయి పీహెచ్ ఎక్కువగా ఉన్న మూత్రంలో పుడుతుంది. యూరిక్ యాసిడ్ రాయికి మేలుచేసిన సిట్రేట్ మందు ఇక్కడ పీహెచ్‌ను మరింత పెంచవచ్చు కనుక జాగ్రత్తగా, కొలతలు చూస్తూ వాడాలి. నీళ్లు, ఉప్పు తగ్గించడం మాత్రం కాల్షియం ఆక్సలేట్ రాయికి చెప్పినట్టే. ఈ రాయి పదేపదే వస్తే పారాథైరాయిడ్ గ్రంథి, కిడ్నీ నాళికల ఆమ్లలోపం లాంటి జబ్బుల కోసం పరీక్షిస్తారు.

సిస్టీన్ రాయికి నీళ్లే ప్రధాన మందు. లీటరు మూత్రంలో సిస్టీన్ సుమారు 250 మిల్లీగ్రాములే కరుగుతుంది కనుక మూత్రం రోజుకు మూడు లీటర్లు దాటాలి, రాత్రి మధ్యలో లేచి కూడా తాగాలి. ఉప్పు తగ్గితే సిస్టీన్ విసర్జన తగ్గుతుంది. మాంసాహారం తగ్గించడం కూడా ఉపయోగమే. దానికితోడు పీహెచ్ పెంచే మందు వాడతారు. స్ట్రూవైట్ రాయి విషయంలో పథ్యం పాత్ర చాలా తక్కువ. యూరియాను విడగొట్టే బ్యాక్టీరియా వల్ల పుట్టే ఈ రాయిని పూర్తిగా తీసివేసి, ఇన్ఫెక్షన్‌ను మాన్పడమే చికిత్స.

ఎక్కడ ఆగాలి, ఎప్పుడు మళ్లీ చూడాలి

గుండె బలహీనపడినవారికి, కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి ఎక్కువ నీళ్లు ప్రమాదం కావచ్చు. కిడ్నీ పనితీరు తగ్గినవారికి కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు, పొటాషియం సిట్రేట్ కూడా డాక్టరు చెప్పకుండా వద్దు. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. మూత్రంలో ఆక్సలేట్ 80 మిల్లీగ్రాములు దాటితే అది తిండి ఒక్కదాని వల్ల వచ్చింది కాకపోవచ్చు. పేగు తీసేసిన ఆపరేషన్, బరువు తగ్గించే ఆపరేషన్, పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులు అలా చేస్తాయి. వారికి వేరే చికిత్స కావాలి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా పథ్యం గురించి ఆలోచించే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పథ్యం మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు 24 గంటల మూత్రాన్ని మళ్లీ పరీక్షించి, తర్వాత ఏడాదికోసారి చూస్తే చాలు. సోడియం తగ్గకపోతే ఊరగాయ ఇంకా నడుస్తోందని అర్థం. సోడియం తగ్గినా కాల్షియం ఎక్కువగానే ఉంటే తిండి చేయగలిగింది చేసిందని, ఇక మందు అవసరమేమో డాక్టరు చూడాలని అర్థం. ఆక్సలేట్ పెరిగితే పెరుగు, పాలు మళ్లీ మానేశారా అని ముందు అడుగుతారు, ఆకుకూరల సంగతి ఆ తర్వాత.